మూడు చోట్ల వెతికి ఒకే జాబితా చెయ్యడం ఎలా?

వ్యవసాయ కళాశాల విద్యార్థిని ఒకరు లైబ్రరీ వెబ్‌సైట్‌లో ‘వరి అగ్గి తెగులు’ అని టైపు చేసిందనుకుందాం. ఆమెకు కనిపించే సెర్చ్ పెట్టె ఒక్కటే. దాని వెనక మాత్రం మూడు డేటాబేస్‌లున్నాయి. ఒకదాంట్లో వ్యవసాయ పరిశోధన పత్రాలు, రెండోదాంట్లో పాత దినపత్రికలు, మూడోదాంట్లో తెలుగు సినిమాల వివరాలు. ఎవరి సర్వరు వాళ్లది, ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లది. మధ్యలో ఉన్న ప్రోగ్రాం ఆమె ప్రశ్నను ముగ్గురికీ పంపుతుంది. ముగ్గురూ తలా ఒక జాబితా తిప్పి పంపుతారు, ఒక్కో ఫలితం పక్కన ఒక్కో స్కోరుతో.

వ్యవసాయ డేటాబేస్ తన మొదటి పత్రానికి 4.2 ఇచ్చింది. అది అచ్చంగా అగ్గి తెగులు మీద రాసిన పత్రమే. పత్రికల డేటాబేస్‌లో మొదటి వార్తకు 16, తర్వాతి వాటికి 14, 12, 10 వచ్చాయి. సినిమాల డేటాబేస్‌కు వరీ దొరకలేదు, తెగులూ దొరకలేదు. ‘అగ్గి’ మాత్రం దొరికింది కాబట్టి 1954 నాటి ‘అగ్గి రాముడు’ను 11 స్కోరుతో పైన పెట్టి పంపింది. ఇప్పుడు మూడు జాబితాల్నీ ఒకచోట కుమ్మరించి, ఎక్కువ స్కోరు నుంచి తక్కువకు పేరిస్తే ఏమవుతుంది? ముందు పత్రికల వార్తలు వరస కడతాయి, వాటి మధ్య ఎన్టీఆర్ సినిమా దూరుతుంది, విద్యార్థినికి నిజంగా కావాల్సిన పత్రం అట్టడుక్కి పోతుంది.

వేర్వేరు చోట్ల వెతికి ఫలితాల్ని ఒకే జాబితాగా చూపించే ఈ పద్ధతిని ఫెడరేటెడ్ సెర్చ్ అంటారు. ప్రశ్నను నలుగురికి పంపడం, జవాబులు తెచ్చుకోవడం ఇందులో పెద్ద కష్టమైన పనులు కావు. కష్టమంతా ఆ చివరి అడుగులోనే ఉంది.

అన్నిటినీ ముందే ఒకచోట పోగేసి ఒకే సూచిక తయారుచేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా అనిపిస్తుంది. నిజమే. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అలాంటిదే. అది రకరకాల సంస్థల దగ్గరున్న పుస్తకాల, పత్రాల వివరాల్ని సేకరించి తన దగ్గరే సూచిక పెట్టుకుంటుంది. కొలిచేది ఒకరే కాబట్టి కొలతలో తేడా రాదు. కానీ చందా కట్టి వాడుకునే డేటాబేస్‌లు తమ సరుకును బయటికి వదలవు. కొన్నిటిలో సమాచారం గంటగంటకూ మారుతుంది. కొన్నిటి నుంచి సెర్చ్ చేసి తెచ్చుకోవడమే తప్ప మొత్తం దించుకునే దారి ఉండదు. అలాంటి చోట అడిగి తెచ్చుకోవాల్సిందే, తెచ్చుకున్నవాటిని కలపాల్సిందే.

ఇంతకీ ఒకే ప్రశ్నకు ఒకరు 4.2 అని, ఇంకొకరు 16 అని ఎందుకంటున్నారు?

ఇద్దరూ ఒకే సూత్రం వాడుతున్నా ఈ తేడా వస్తుంది. ఎక్కువ సెర్చ్ సాఫ్ట్‌వేర్లలో నడిచేది బీఎం25 అనే సూత్రం. దాని గుండెకాయ లాంటి ఆలోచనను 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు ముందుకు తెచ్చారు. ఒక మాట ఎంత అరుదుగా కనిపిస్తే దానికి అంత విలువ ఇవ్వాలన్నది ఆమె చెప్పింది. ‘గురించి’ అనే మాట అన్ని పత్రాల్లోనూ ఉంటుంది, దాన్ని బట్టి ఏదీ తేల్చలేం. ‘అగ్గి తెగులు’ కొన్నిట్లోనే ఉంటుంది కాబట్టి అది దొరికిన పత్రం మీద నమ్మకం పెరుగుతుంది. తిరకాసు ఎక్కడంటే, అరుదా కాదా అన్నది ఏ గుట్టలో లెక్కపెడుతున్నామన్న దాన్ని బట్టి మారిపోతుంది.

వ్యవసాయ డేటాబేస్‌లో 10 వేల పత్రాలున్నాయని, అందులో సగం, అంటే 5 వేల వాటిలో ‘వరి’ అనే మాట ఉందని అనుకుందాం. పత్రికల డేటాబేస్‌లో 10 లక్షల వార్తలుంటే అందులో 2 వేల వాటిలోనే ‘వరి’ ఉంది. లూసీన్ అనే ప్రసిద్ధ సెర్చ్ లైబ్రరీ వాడే సూత్రంలో ఈ అంకెలు వేస్తే ‘వరి’కి వ్యవసాయ డేటాబేస్‌లో వచ్చే విలువ 0.69. పత్రికల డేటాబేస్‌లో 6.21. మాట ఒకటే, సూత్రం ఒకటే, విలువ మాత్రం దాదాపు 9 రెట్లు తేడా. వరి గురించి ఎక్కువగా తెలిసిన డేటాబేసే వరికి తక్కువ విలువ కడుతోందన్నమాట. అక్కడ వరి రోజూ వినే మాట మరి. ఏ డేటాబేస్ ఏ విషయంలో దిట్టో, ఆ విషయపు మాటలకు అక్కడే స్కోరు పలచబడుతుంది. స్కోర్లను ఉన్నవి ఉన్నట్టు పోల్చడం వల్ల వచ్చే అసలు నష్టం ఇదే. అది గుడ్డిగా ఎటో ఒకవైపు తప్పడం కాదు, విషయం తెలిసినవాళ్లను పనిగట్టుకుని కిందికి తొయ్యడం.

ఇది వేర్వేరు సంస్థల మధ్యే వచ్చే సమస్య అనుకోవద్దు. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సాఫ్ట్‌వేర్ పెద్ద సూచికను ముక్కలుగా కోసి వేర్వేరు యంత్రాల్లో పెడుతుంది. మామూలుగా ఏ ముక్క లెక్క ఆ ముక్కదే. పత్రాలు ముక్కల మధ్య సమంగా చెదిరి ఉంటే తేడా పైకి తెలియదు. సరుకు కొద్దిగా ఉన్నప్పుడో, ఒకే రకం పత్రాలు ఒకే ముక్కలో పడినప్పుడో వరస తేడాగా కనిపిస్తుంది. అప్పుడు `dfs_query_then_fetch` అని అడిగితే అది ముందు అన్ని ముక్కల నుంచీ మాటల లెక్కలు పోగుచేసి, ఆ తర్వాత స్కోరు కడుతుంది. ఇల్లు ఒక్కరిదే కాబట్టి ఆ సౌకర్యం కుదిరింది. పరాయి డేటాబేస్‌లు తమ లెక్కలు చెప్పాలి కదా! చెప్పేలా ఒక ఒప్పందం ఉంటే బాగుంటుందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1997లో ‘స్టార్ట్స్’ అనే ప్రతిపాదన చేశారు. స్కోరుతో పాటు అది కట్టడానికి వాడిన లెక్కల్ని కూడా ప్రతి సంస్థా పంపాలన్నది అందులో ఒక భాగం. చక్కని ఆలోచనే, ఆచరణలో పెద్దగా నిలవలేదు. తన వంటింటి తలుపులు తెరిచిపెట్టి సెర్చ్ వ్యాపారి సంపాదించుకునేది ఏముంటుంది?

లెక్కలు దొరకనప్పుడు చాలామంది మొదట తొక్కే దారి, ఏ జాబితాకు ఆ జాబితాను సున్నా నుంచి ఒకటి మధ్యకు సాగదియ్యడం. జాబితాలో అందరికన్నా పైనున్న ఫలితానికి 1, అందరికన్నా కిందున్నదానికి 0, మధ్యవాటికి దూరాన్ని బట్టి భిన్నాలు. రాయడానికి రెండు లైన్ల కోడ్ చాలు. చూడ్డానికి న్యాయంగానూ ఉంటుంది. కానీ మన ఉదాహరణలో ఏం జరిగిందో చూడండి. వ్యవసాయ పత్రానికి 1 వచ్చింది. పత్రికల వార్తకూ 1 వచ్చింది. ‘అగ్గి రాముడు’కూ 1 వచ్చింది! ప్రతి డేటాబేస్‌లోనూ ఒక మొదటి ఫలితం ఉంటుంది, అది ఎంత పనికిమాలినదైనా సరే. ‘నా దగ్గరున్నవాటిలో ఇది నయం’ అని డేటాబేస్ చెప్పిన మాటను ఈ పద్ధతి ‘ఇది గొప్పది’ అని వింటుంది.

స్కోర్లతో పేచీ ఉంటే స్కోర్లను వదిలేసి ర్యాంకులే తీసుకుందాం అన్నది తర్వాతి ఆలోచన. ఇది సెర్చ్ ఇంజన్ల కన్నా చాలా పాతది. ఫ్రెంచ్ గణితజ్ఞుడు బోర్డా 18వ శతాబ్దంలోనే ఓటర్ల వరసల్ని కలిపి విజేతను తేల్చడానికి ర్యాంకులకు పాయింట్లు ఇచ్చే పద్ధతి చెప్పాడు. సెర్చ్‌లో ఇవాళ ఎక్కువగా వినిపించే పద్ధతి పేరు రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్, క్లుప్తంగా ఆర్‌ఆర్‌ఎఫ్. గోర్డన్ కోర్మాక్, చార్లెస్ క్లార్క్, స్టెఫాన్ బ్యూచర్ అనే ముగ్గురు 2009లో దీన్ని ప్రకటించారు. సూత్రం ఇంతే:

```
score(d) = Σ 1 / (60 + rank(d))
```

ఒక పత్రం ఏ జాబితాలో ఎన్నో స్థానంలో ఉందో చూసి, దానికి 60 కలిపి, ఒకటిని దాంతో భాగించాలి. ఆ పత్రం కనిపించిన అన్ని జాబితాల్లోనూ అలా చేసి మొత్తం కూడాలి. ఒకే జాబితాలో మొదట వచ్చిన పత్రానికి 1/61, అంటే 0.0164. రెండు జాబితాల్లోనూ ఐదో స్థానంలో వచ్చిన పత్రానికి 1/65 రెండుసార్లు, అంటే 0.0308. రెండోదే గెలుస్తుంది. ఇద్దరు మెచ్చుకున్నదాన్ని ఒక్కరు నెత్తిన పెట్టుకున్నదాని కన్నా పైన ఉంచుతుందన్నమాట.

ఎంత పైన ఉంచుతుందో లెక్క చూస్తే ఆశ్చర్యమేస్తుంది. రెండు జాబితాల్లోనూ 61వ స్థానంలో పడి ఉన్న పత్రానికి 2/121 వస్తుంది. అది కూడా 1/61 కన్నా ఎక్కువే! ఒక చోట మొదటి ర్యాంకు తెచ్చుకుని, రెండో జాబితాలో లేని పత్రాన్ని రెండు చోట్లా 61వ ర్యాంకులో ఉన్న పత్రం ఓడించేస్తుంది. ఇదంతా ఆ 60 చేసే పని. అది లేకుండా ఉత్త 1/ర్యాంకు వేస్తే పైస్థానాలకు విపరీతమైన బలం వస్తుంది. చాలా సెర్చ్ ఇంజన్లను ఒకేసారి అడిగి ఫలితాలు కలిపే సెర్‌ఎక్స్‌ఎన్‌జీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ రెండో దారిలోనే పోయింది. అది 1/ర్యాంకులు కూడి, ఎన్ని ఇంజన్లకు దొరికిందో అన్ని రెట్లు చేస్తుంది. అక్కడ రెండు చోట్ల ఐదో స్థానం అంటే 0.8, ఒకచోట మొదటి స్థానం అంటే 1. ఆర్‌ఆర్‌ఎఫ్‌లో గెలిచిన పత్రం ఇక్కడ ఓడిపోయింది. రెండు చోట్లా నాలుగో స్థానంలో ఉంటే సరిగ్గా సమానమవుతుంది. జాబితాలు అవే, కలిపే సూత్రం మారితే మొదటి పేజీ మారిపోతుంది.

ఆర్‌ఆర్‌ఎఫ్ బాగా పనిచేస్తుందని చాలామందికి అనుభవంలో తేలింది. ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి సాఫ్ట్‌వేర్లు దాన్ని తమలో కలుపుకున్నాయి కూడా. మాటల్ని పోల్చే సెర్చ్ ఒకటి, అర్థాన్ని పోల్చే వెక్టర్ సెర్చ్ ఒకటి నడిపి, రెండిటి జాబితాల్నీ కలపడానికి ఇప్పుడు మొట్టమొదట చేతికి తగిలే పనిముట్టు అదే. అంత మాత్రాన మన విద్యార్థిని సమస్యకూ అదే మందు అనుకుంటే పొరపాటే. తెలుగు ఇళ్లల్లో అందరికీ తెలిసిన జేఈఈ మెయిన్ దగ్గర ఆ తేడా బాగా అర్థమవుతుంది.

ఆ పరీక్ష పలు షిఫ్టుల్లో జరుగుతుంది. ఒక షిఫ్టు పేపరు తేలిక, ఇంకోటి కష్టం. అందుకని 2019 నుంచి మార్కుల్ని నేరుగా పోల్చకుండా పర్సంటైల్ లెక్కగడుతున్నారు. తన షిఫ్టులో ఎంత శాతం మంది కన్నా వెనకబడకుండా ఉన్నారన్నదే లెక్క. మార్కులు పోయి స్థానం మిగిలింది, అచ్చం మన ర్యాంకుల పద్ధతే. ఇది న్యాయంగా ఉండాలంటే ఒక షరతుంది. ఏ షిఫ్టులో కూర్చున్న పిల్లలైనా మొత్తం మీద ఒకే స్థాయి వాళ్లయి ఉండాలి. ఎవరు ఏ షిఫ్టులో పడతారన్నది వాళ్ల చదువును బట్టి ఉండదు, ఒక్కో షిఫ్టులో వేలమంది ఉంటారు కాబట్టి ఆ షరతు చాలావరకు నెరవేరుతుంది. అదే ఒక షిఫ్టులో అంతా ఇంజనీరింగ్ కోచింగ్ పిల్లల్ని, ఇంకో షిఫ్టులో లెక్కలు ఊసే ఎత్తని పిల్లల్ని కూర్చోబెట్టి, రెండు చోట్లా మొదటివాడికి ఒకే పర్సంటైల్ ఇస్తే ఎవరొప్పుకుంటారు?

ఫెడరేటెడ్ సెర్చ్‌లో కూర్చోబెట్టింది సరిగ్గా అలాగే. వ్యవసాయ డేటాబేస్‌కు వరి గురించి వేల పత్రాలు తెలుసు, సినిమాల డేటాబేస్‌కు ఏమీ తెలియదు. రెండిట్లోనూ మొదటి ర్యాంకు అంటే ఒకే ఎత్తు కాదు. పైగా వీటి మధ్య ఉమ్మడి పత్రం ఒక్కటీ లేదు. పరిశోధన పత్రం సినిమాల జాబితాలో ఉండదు, సినిమా పత్రికల జాబితాలో ఉండదు. ఆర్‌ఆర్‌ఎఫ్ బలమంతా ఒకే పత్రం పలుచోట్ల కనిపించడంలో ఉంది. అలా కనిపించనప్పుడు మూడు జాబితాల మొదటి ఫలితాలకూ 1/61, రెండోవాటికి 1/62, మూడోవాటికి 1/63. అంటే మూడు జాబితాల నుంచి వంతులవారీగా ఒక్కోటి తీసుకోవడమే. మొదటి పేజీలో పది ఫలితాలుంటే కనీసం మూడు సినిమాలే. సూత్రం కట్టుకుని వచ్చిన పేకముక్కల పంపకం అది.

కోర్మాక్ బృందం పరీక్షించింది ఒకే పత్రాల గుట్టను పలురకాల సెర్చ్ పద్ధతులు వెతికిన సందర్భాల్లో. అక్కడ ఒక పత్రం ఫలానా జాబితాలో లేదంటే ఆ పద్ధతికి అది నచ్చలేదని అర్థం. వేర్వేరు గుట్టల విషయంలో జాబితాలో లేదంటే ఆ గుట్టలోనే లేదని అర్థం. ఈ రెండు ‘లేదు’ల తేడా గమనించకుండా సూత్రాన్ని ఎత్తుకొచ్చి పెట్టెయ్యడం ఈ రంగంలో తరచూ జరిగే తప్పు.

గుట్టలు వేరైనప్పుడు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ ప్రశ్నకు ఏ గుట్ట ఎంత పనికొస్తుందన్నది. 1995లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమీ కాలన్, సహచరులు ‘కోరి’ అనే పద్ధతిలో దీనికో దారి చూపారు. ప్రతి డేటాబేస్‌కూ ప్రశ్నను బట్టి ఒక స్కోరు ఇచ్చి, పత్రం స్కోరును దాంతో సర్దుతారు. పత్రం స్కోరును, డేటాబేస్ స్కోరును 0–1 మధ్యకు తెచ్చాక, ఆ రెండిటి లబ్ధంలో 0.4 వంతును పత్రం స్కోరుకు కలిపి, మొత్తాన్ని 1.4తో భాగిస్తారు. వ్యవసాయ డేటాబేస్‌కు 1, సినిమాల డేటాబేస్‌కు 0 వచ్చాయనుకుంటే, పరిశోధన పత్రానికి నిండుగా 1 మిగులుతుంది. ‘అగ్గి రాముడు’ 1 నుంచి 0.71కి దిగుతుంది. దిగింది గానీ, అంతకన్నా దిగదు. వ్యవసాయ జాబితాలో 0.7 తెచ్చుకున్న మంచి పత్రం ఇంకా ఆ సినిమా కిందే ఉంటుంది. ఎంత పనికిరాని డేటాబేస్ నుంచి వచ్చినా కోత 29 శాతం దాటదు. ఆ 0.4 ఏ సిద్ధాంతం నుంచీ పుట్టింది కాదు, అనుభవం మీద పెట్టుకున్న అంకె. అందుకే ఇలాంటి చోట అసలు ప్రశ్న పంపేముందే సినిమాల డేటాబేస్‌ను పక్కన పెట్టెయ్యడం మేలు.

డేటాబేస్‌లో ఏముందో మధ్యవర్తికి ఎలా తెలుస్తుంది? అది లోపలికి రానివ్వదు కదా. కాలన్ దీనికి చేసిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది. ఏదో ఒక మాటతో డేటాబేస్‌ను వెతకాలి. పైన వచ్చిన నాలుగు పత్రాలు దించుకోవాలి. వాటిలోంచి ఇంకో మాట ఏరుకుని మళ్లీ వెతకాలి. ఇలా 300 పత్రాలు పోగయ్యేదాకా చేస్తే ఆ డేటాబేస్ స్వభావం తెలిసిపోతుందని మార్గరెట్ కానెల్‌తో కలిసి 2001లో ప్రకటించిన పరిశోధనలో చూపించారు. డేటాబేస్ యజమాని సహకారం అక్కర్లేదు. ఎవరైనా వాడే సెర్చ్ పెట్టె చాలు.

ఆ నమూనాతోనే స్కోర్ల గొడవ కూడా తీర్చొచ్చని కార్నెగీ మెలన్‌లో లువో సీ, కాలన్ కనిపెట్టారు. చాలా ఒడుపైన పద్ధతి ఇది. మధ్యవర్తి అన్ని డేటాబేస్‌ల నమూనా పత్రాల్నీ కలిపి తన దగ్గర ఒక చిన్న సూచిక పెట్టుకుంటుంది. ప్రశ్న రాగానే బయటికి పంపుతూనే, తన చిన్న సూచికలోనూ వెతుకుతుంది. బయటి నుంచి వచ్చిన జాబితాలో కొన్ని పత్రాలు తన నమూనాలోనూ ఉంటాయి. వాటికి రెండు స్కోర్లు తెలుసు, బయటివాళ్లు ఇచ్చింది ఒకటి, తాను కట్టింది ఒకటి. ఆ జంటల్ని బట్టి ఒకదాన్ని రెండోదానిలోకి మార్చే లెక్క పట్టెయ్యొచ్చు.

మన ఉదాహరణలోనే చూద్దాం. వ్యవసాయ జాబితాలో 4.2, 3.4, 2.7 స్కోర్లున్న మూడు పత్రాలు నమూనాలోనూ ఉన్నాయి. మధ్యవర్తి వాటికి కట్టిన స్కోర్లు వరసగా 0.80, 0.64, 0.50. బయటి స్కోరును 0.2తో గుణించి 0.04 తీసేస్తే సరిపోతోంది. పత్రికల జాబితాలో 14, 12, 10 స్కోర్లున్న వార్తలకు మధ్యవర్తి కట్టినవి 0.50, 0.42, 0.34. ఇక్కడ 0.04తో గుణించి 0.06 తీసెయ్యాలి. ఇప్పుడు నమూనాలో లేని పత్రాల సంగతి తేల్చొచ్చు. వ్యవసాయ జాబితాలో 3.9 ఉన్న పత్రం 0.74 అవుతుంది. పత్రికల జాబితాలో అందరికన్నా పైనున్న 16 స్కోరు వార్త 0.58 అవుతుంది. 16 ఓడింది, 3.9 గెలిచింది. నమూనాలోని సినిమాలకు మధ్యవర్తి దగ్గర ఈ ప్రశ్న మీద పడే స్కోరు దాదాపు సున్నా కాబట్టి, సినిమాల జాబితా మొత్తం దానంతటదే అడుక్కి జారిపోతుంది. అసలు డేటాబేస్‌లో 10 వేల పత్రాలుంటే వాటిలో 300 దగ్గరుంచుకుని చేసిన పని ఇది.

నిజ జీవితంలో అంకెలు ఇంత చక్కగా గీత మీద కూర్చోవు. జాబితాకూ నమూనాకూ ఉమ్మడిగా ఒకే పత్రం ఉంటే గీతే గీయలేం. డేటాబేస్ మరీ పెద్దదై, ప్రశ్న మరీ అరుదైనదైతే అదే జరుగుతుంది. అప్పుడు పైనున్న పత్రాల్ని కొన్ని అప్పటికప్పుడు దించుకుని స్కోరు కట్టాలి, లేదా కోరి లాంటి ముతక పద్ధతికి తిరిగి వెళ్లాలి. నమూనా పాతబడినా చిక్కే. నిన్న మొన్న చేరిన పత్రాలు అందులో ఉండవు.

ఇవన్నీ సరిగ్గా చేసినా కొన్ని పొరపాట్లు చెప్పకుండా దూరతాయి. ఒకే పుస్తకాన్ని రెండు చోట్ల దొరికిందని గుర్తుపట్టకపోవడం వాటిలో పెద్దది, తెలుగు పుస్తకాలకు మరీను. గురజాడ నాటకం ఒక కేటలాగులో తెలుగు లిపిలో ‘కన్యాశుల్కము’ అని ఉంటుంది. ఇంకోచోట `Kanyasulkam`, వేరొకచోట `Kanyāśulkamu`. రచయిత పేరు `Gurajada` కావచ్చు, `Gurazada` కావచ్చు. ప్రోగ్రాం అక్షరాల్ని పోల్చుకుని ఇవన్నీ వేరనుకుంటే, రెండు చోట్ల దొరికినందుకు పడాల్సిన పాయింట్లు పడవు, జాబితాలో అదే నాటకం మూడుసార్లు కనిపిస్తుంది. పాఠకుడికి కనిపించేది ఆ మూడుసార్లు రావడమే, స్కోరు తగ్గిన సంగతి కనిపించదు. దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. రెండు సెర్చ్ ఇంజన్లు ఒకే సూచికను అద్దెకు తీసుకుని నడుస్తుంటే వాటికి ఒకే పేజీ దొరకడం ఇద్దరి సాక్ష్యం కాదు. ఒకే సాక్షి రెండుసార్లు చెప్పినట్టే.

ఆలస్యం సంగతి మరొకటి. సెర్‌ఎక్స్‌ఎన్‌జీ మామూలుగా ఒక్కో ఇంజన్ కోసం 3 సెకన్లే చూస్తుంది. అప్పటికి జవాబు రాకపోతే ఆ ఇంజన్ లేకుండానే కలిపేస్తుంది. అందుకే అదే ప్రశ్న మళ్లీ వేస్తే వరస మారుతుంది.

ఇలాంటి సెర్చ్ పేజీ వాడేవాళ్లు దాన్ని పరీక్షించడం కష్టమేం కాదు. ఫలానా ఒక్క డేటాబేస్‌లోనే జవాబుంటుందని ఖాయంగా తెలిసిన ప్రశ్న వెయ్యాలి. మొదటి పేజీ అంతా ఇంకెవరిదో అయితే స్కోర్లను ఉన్నవి ఉన్నట్టు కలిపేస్తున్నారు. ఒకటి వీళ్లది, ఒకటి వాళ్లది అని వంతులు కనిపిస్తే ర్యాంకులు మాత్రమే చూస్తున్నారు, లేదా ప్రతివాళ్ల మొదటిదాన్నీ ఒకటి చేస్తున్నారు. రెండుసార్లు వెతికితే రెండు వరసలొస్తే ఎవరో ఆలస్యంగా జవాబిస్తున్నారు. ఇవేవీ పట్టుకోకపోయినా, పక్కనున్న ‘సోర్స్’ ఫిల్టర్ నొక్కి ఒక్కో డేటాబేస్‌ను విడిగా చూస్తే కింద పడిపోయినవి బయటపడతాయి.

కలపడం కుదరనప్పుడు కలపకపోవడమూ ఒక దారే. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీ ఆ దారి పట్టింది. ఒకే ప్రశ్నకు వ్యాసాలు ఒక గడిలో, పుస్తకాలు ఒక గడిలో, లైబ్రరీ వెబ్‌సైట్ పేజీలు ఇంకో గడిలో, ఏ గడికి ఆ గడిలో కొన్నేసి ఫలితాలు చూపిస్తుంది. ఈ అమరిక తర్వాత ఎన్నో విశ్వవిద్యాలయ లైబ్రరీలకు పాకింది. మన విద్యార్థిని అలాంటి పేజీలో వెతికి ఉంటే వ్యవసాయ గడిలో పరిశోధన పత్రమే మొదట ఉండేది. సినిమాల గడిలో ‘అగ్గి రాముడు’ ఉన్నా ఆమెకు అడ్డొచ్చేది కాదు. నమూనా పోగేసుకునే ఓపిక లేని లైబ్రరీ, ఉమ్మడి పత్రాలు లేని డేటాబేస్‌ల మీద ఆర్‌ఆర్‌ఎఫ్ నడిపి ఒకే వరస చూపించడం కన్నా ఈ గడులే నయం.